పులిహోరలో పంటికింద రాయి

సరసపు మాటలో ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో తెలియాలంటే చెలి, చెల్లి అనే రెండు మాటలు చాలు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్ళకు మొదటిది cheli, రెండోది chelli. మధ్యలో ఉన్న l మీద వేలు రెండోసారి తగిలిందంటే ప్రియురాలు కాస్తా చెల్లెలైపోతుంది. ఆ తర్వాత ఎంత కవిత్వం రాసినా లాభం ఉండదు.

కుర్రకారు ‘పులిహోర కలపడం’ అని పిలుచుకునే ఈ వ్యవహారంలో అచ్చుతప్పు ఎందుకంత ప్రమాదమో ముందు చూడాలి. ఆఫీసు పని మీద పంపిన సందేశంలో ‘మీటింగ్’ బదులు ‘మీటంగ్’ అని పడితే ఎవరూ పట్టించుకోరు. చుట్టూ ఉన్న మాటలే అర్థాన్ని నిలబెడతాయి. సరసపు మాట అలా కాదు. అది నాలుగైదు పదాలకు మించదు, దాని బలమంతా ఒక్క పదం మీదే ఆధారపడి ఉంటుంది. పైగా అందులో ఎప్పుడూ రెండో అర్థం ఒకటి దాగి ఉంటుందని చదివేవారికి తెలుసు, దానికోసమే వెతుకుతుంటారు. అందుకే పొరపాటున పడిన అక్షరాన్ని కూడా కావాలని వేసిందనుకునే అవకాశం ఇక్కడ ఎక్కువ. మొహం, గొంతు కనిపించని వినిపించని చోట ‘అయ్యో, అది కాదు’ అని వెంటనే సర్దుకునే వీలు కూడా ఉండదు.

ఈ తప్పులు మూడు దారుల్లో వస్తాయి. ఒకటి వేలు, రెండోది యంత్రం, మూడోది లిపి.

వేలి తప్పులు అన్నిటికన్నా పాతవి. టైపింగ్‌లో పడే అక్షరదోషాల మీద ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడరిక్ డామెరో 1964లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఒక అక్షరం ఎక్కువ కావడం, ఒకటి తగ్గడం, ఒకదాని బదులు ఇంకొకటి పడటం, పక్కపక్క అక్షరాలు తారుమారు కావడం: నూటికి ఎనభై పైచిలుకు తప్పులు ఈ నాలుగింటిలో ఏదో ఒకటేనని ఆయన చూపించాడు. చెలి చెల్లెలు కావడం మొదటి రకం. పక్క మీట తగలడం మూడో రకం. ఫోన్ కీబోర్డు మీద u, i పక్కపక్కనే ఉంటాయి. ముద్దుగా ‘పండు’ అని పిలవబోయి pandu కొడుతున్నప్పుడు చివరి వేలు ఒక్క మీట కుడికి జరిగితే pandi అవుతుంది. పండుకీ పందికీ మధ్య ఉన్న దూరం కొన్ని మిల్లీమీటర్లే.

యంత్రం చేసే తప్పు వేరు. ఆటోకరెక్ట్ ప్రతి పదం దగ్గరా రెండు లెక్కలు వేస్తుంది. కొట్టిన అక్షరాలకు తన నిఘంటువులో దగ్గరగా ఉన్న పదాలేవి అన్నది మొదటిది. ఈ లెక్కలో పక్కపక్క మీటలకు ఎక్కువ మినహాయింపు ఉంటుంది. ముందున్న మాటల తర్వాత మామూలుగా ఏ పదం వస్తుంది అన్నది రెండోది. రెండు లెక్కలూ కలిపి చూసి, తన పదమే సరైనదన్న నమ్మకం కుదిరితే స్పేస్ నొక్కగానే పదం మార్చేస్తుంది. ఇంగ్లిష్ రాసేవారికి ఇది చాలావరకు మేలే చేస్తుంది. ఇంగ్లిష్ మాత్రమే పెట్టుకున్న కీబోర్డు మీద తెలుగు కొట్టేవారికి మాత్రం ప్రతి పదమూ దాని కంటికి తప్పుగానే కనిపిస్తుంది. muddu అని కొడితే u పక్కనే y ఉంది కాబట్టి muddy దానికి దగ్గర. ముద్దు బురదవుతుంది. undi చివర ఉన్న i పక్కన o ఉంది కాబట్టి undo దగ్గర. ఇక manasu ఉంది. చివరి రెండక్షరాలు తారుమారైతే అది Manaus, అంటే బ్రెజిల్‌లో అమెజాన్ ప్రాంతంలోని నగరం. ఈ లెక్కన ‘నా మనసు నీ వద్దనే ఉంది’ అని పంపబోయినవారి తెర మీద na Manaus nee vaddane undo అని కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

నిజానికి ఇలాంటివి పెద్ద ప్రమాదకరం కావు. మనాస్ నగరం పేరు చూసిన ఎవరికైనా అది ఫోన్ చేసిన పని అని ఇట్టే తెలుస్తుంది. తప్పు కూడా ఒక సరైన పదమే అయినప్పుడు అసలు చిక్కు వస్తుంది. దానికింద ఎర్రగీత రాదు, చదివేవారికి అనుమానమూ రాదు. బటన్ ఫోన్ల కాలంలో ఇది అందరికీ అనుభవమే. టీ9 పద్ధతిలో ఒక్కో అంకె మీద మూడు నాలుగు అక్షరాలుండేవి. ఏ అక్షరమో ఫోన్ ఊహించుకునేది. 5477 నొక్కితే lips కావచ్చు, kiss కావచ్చు. పెదవులకూ ముద్దుకూ ఒకే అంకెలు. ఫోన్ ముందు ఏది చూపిస్తే అది చూసుకోకుండా పంపేస్తే, పెదవులకు రాసుకునే మందు గురించి అడిగిన అమాయకపు ప్రశ్న కూడా వేరే దారి పట్టేది.

తెలుగువారికి అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది మూడో దారి, లిపి. ఇందులో వేలి తప్పూ లేదు, యంత్రం తప్పూ లేదు. కొట్టింది కొట్టినట్టే వెళ్తుంది. ఇంగ్లిష్ అక్షరాలకు మన దీర్ఘాలు పట్టవు, ల-ళ తేడా తెలియదు, ద-డ ఒకటే. అందుకని ఒకే వరుస అక్షరాలను ముగ్గురు మూడు రకాలుగా చదువుతారు.

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. పెళ్ళిచూపులయ్యాయి, సంబంధం దాదాపు ఖాయమైంది, ఇద్దరూ వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నారు, ఇంకా ‘మీరు’ దగ్గరే ఉన్నారు అనుకుందాం. అబ్బాయి ధైర్యం చేసి ఒక మాట పంపాడు: ninna mee kallu chusaka nidra pattaledu. అతని మనసులో ఉన్నవి కళ్ళు. కానీ kallu అనే ఆ అయిదక్షరాల్లో కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, కల్లు కూడా ఉంది. తెలుగు లిపిలో రాద్దామని ఇంగ్లిష్ అక్షరాలను తెలుగులోకి మార్చే కీబోర్డు వాడినా ఈ గొడవ తప్పదు. అక్షరానికి అక్షరం చూస్తే kallu అంటే ‘కల్లు’ అనే వస్తుంది. ‘కళ్ళు’ సూచనల వరుసలో ఎక్కడో పక్కన ఉంటుంది. చూసుకోకుండా స్పేస్ నొక్కితే ‘నిన్న మీ కల్లు చూశాక నిద్ర పట్టలేదు’ అని వెళ్ళిపోతుంది.

ఇప్పుడు రెండు దారులున్నాయి. ఆ అమ్మాయి ‘కల్లు’ అని చదివితే, చమత్కారం తెలిసిన మనిషైతే, ‘మాది కల్లు దుకాణం అని ఎవరు చెప్పారండీ?’ అని అడుగుతుంది. దానికి అబ్బాయి దగ్గర మంచి జవాబే ఉంది: ‘కళ్ళండీ బాబూ! కల్లయితే హాయిగా నిద్రపట్టేది.’ ఈ ఒక్క జవాబుతో పొరపాటు ఒప్పుకున్నట్టయింది, మొదట చెప్పాలనుకున్న పొగడ్త రెండోసారి చెప్పినట్టయింది, నవ్వూ వచ్చింది. తప్పు లేకుండా వెళ్ళి ఉంటే ఆ వాక్యానికి సిగ్గుపడే ఎమోజీ ఒకటి వచ్చి ఊరుకునేది. అదే అమ్మాయి దాన్ని ‘కాళ్ళు’ అని చదివిందనుకోండి. ఇంకా ‘మీరు’ అనుకునే చోట అది చొరవ ఎక్కువైన మాట. ఆమె మౌనంగా ఉండిపోవచ్చు. అక్కడ ఛలోక్తి పనికిరాదు. ‘కళ్ళు అనబోయాను, క్షమించండి’ అని సూటిగా చెప్పడమే మేలు.

ఒకే తప్పు ఒక చోట లాభించి, ఇంకో చోట నష్టం ఎందుకు చేసింది? కల్లు అని పడితే నవ్వులపాలైంది రాసినవాడు. కాళ్ళు అని పడితే ఇబ్బందిపడింది చదివిన మనిషి. అచ్చుతప్పు మేలు చేసేదా, కీడు చేసేదా అని తేల్చడానికి ఇంతకన్నా మంచి గీటురాయి లేదు. నవ్వు రాసినవారి మీద పడాలి, అసలు చెప్పదలచింది చదివేవారికి క్షణంలో తెలిసిపోవాలి. ఈ రెండూ ఉంటే తప్పు కలిసొస్తుంది. పండు పంది అయినప్పుడు ఉద్దేశం తెలుస్తూనే ఉంటుంది కానీ, నవ్వు పడేది ఎదుటి మనిషి మీద. బాగా చనువున్నవారి మధ్య అది చెల్లుతుంది, కొత్తవారి మధ్య చెల్లదు. చెలి చెల్లి అయినప్పుడు నవ్వు రాసినవాడి మీదే పడుతుంది కానీ, ఉద్దేశం తెలియకపోతే అతను నిజంగానే ‘చెల్లీ’ అన్నాడనుకుని మాట అక్కడితో ఆగిపోతుంది.

అరుదుగా అసలు వాక్యం కన్నా తప్పే బాగుంటుంది. nee kosam chustunna అంటే నీకోసం చూస్తున్నా అని. u బదులు a పడి nee kosam chastunna అయితే ‘నీకోసం చస్తున్నా’ అవుతుంది. మొదటిది బస్టాపులో నిలబడ్డ ఎవరైనా అనే మాట. రెండోది విరహం. ఇలాంటిది పడితే సరిదిద్దకపోవడమే తెలివి. ‘తప్పు పడింది’ అని ఎదుటివారు పట్టిస్తే ‘ఫోన్‌కి తెలిసిపోయింది’ అంటే సరిపోతుంది.

పొరపాటు మనిషిని దగ్గర చేస్తుందన్న సంగతిని మనస్తత్వ శాస్త్రం కూడా పరిశీలించింది. అమెరికాలో ఎలియట్ ఆరన్సన్, ఆయన సహచరులు 1966లో ఒక ప్రయోగం చేశారు. క్విజ్ పోటీకి తయారవుతున్న వ్యక్తి మాటలను టేపు మీద వినిపించారు. ఒక టేపులో అతను నూటికి 92 ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెబుతాడు, ఇంకో దానిలో 30కే చెబుతాడు. కొన్ని టేపుల చివర అతను తన మీద కాఫీ ఒలకబోసుకుంటాడు. బాగా జవాబులు చెప్పినవాడు కాఫీ ఒలకబోసుకుంటే విన్నవారికి అతను మరింత నచ్చాడు. అంతంతమాత్రంగా చెప్పినవాడు అదే పని చేస్తే ఉన్న ఇష్టం కూడా తగ్గింది.

సరసానికి దీన్ని అన్వయిస్తే అర్థమయ్యేది ఒకటుంది. అప్పటికే తెలివైనవారని, శ్రద్ధగల మనిషని పేరు తెచ్చుకున్నవారికే అచ్చుతప్పు అందం. పరిచయం లేని మనిషికి పంపే మొట్టమొదటి సందేశంలో ఆ పేరు ఇంకా రాలేదు, కాబట్టి అక్కడ తప్పు తప్పుగానే మిగిలిపోతుంది. నెదర్లాండ్స్‌లోని టిల్బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డేటింగ్ ప్రొఫైళ్ళ మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనమూ ఇలాంటిదే చెప్పింది. వేలు జారి పడిన తప్పులు చూసినవారు ‘ఈ మనిషికి శ్రద్ధ తక్కువ’ అనుకున్నారు. భాషా నియమాలు తెలియక చేసిన తప్పులు చూసినవారు తెలివి తక్కువనుకున్నారు. రెండూ ఆకర్షణను తగ్గించేవే. ప్రొఫైల్‌కూ మొదటి పలకరింపుకూ రెండోసారి చదవడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. పది రోజులుగా మాట్లాడుకుంటున్నవారికి అంత జాగ్రత్త అక్కర్లేదు.

తప్పులు రాకుండా చూసుకోవడానికి చేయాల్సింది పెద్దగా లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టే అలవాటున్నవారు ఆటోకరెక్ట్‌ను పూర్తిగా ఆపేయడమే మంచిది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా కనిపించే జీబోర్డులో సెట్టింగ్స్‌లోకి వెళ్తే అక్షరాలను దిద్దే విభాగంలో ఆటో కరెక్షన్ అనే మీట ఉంటుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్ అనే వరుసలో వెళ్తే అదే పేరుతో దొరుకుతుంది. దాన్ని ఆపినా పైన సూచనలు కనిపిస్తూనే ఉంటాయి. కావాలంటే తీసుకోవచ్చు, ఫోన్ మాత్రం తనంతట తాను మార్చదు. ఇంగ్లిష్ కోసం అది కావాలనుకునేవారు తరచూ వాడే ముద్దుపేర్లను, ముఖ్యంగా ఎదుటి మనిషి పేరును, జీబోర్డు సొంత నిఘంటువులోనో ఐఫోన్ టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌లోనో చేర్చుకుంటే ఫోన్ ఆ మాటల జోలికి రాదు. ఫోన్ మార్చిన పదాన్ని వెంటనే గమనిస్తే, జీబోర్డులో ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలు, మొదట కొట్టిన పదం తిరిగి వస్తుంది.

ఈ ఏర్పాట్లేవీ kallu సమస్యను తీర్చవు. దానికి మందు రాసే తీరులోనే ఉంది. ఏ పదం మీద వాక్యం నిలబడిందో దాని పక్కన రెండో అర్థానికి చోటివ్వని మాట ఒకటి వేయాలి. ‘మీ కాటుక కళ్ళు’ అని kaatuka ముందు చేరిస్తే కాళ్ళకూ కల్లుకూ తలుపులు మూసుకుపోతాయి. పొగడ్త కూడా ఇంకాస్త నిర్దిష్టమవుతుంది, అది అదనపు లాభం. దీర్ఘం ఉన్నచోట aa అని రెండక్షరాలు కొట్టడం అలవాటు చేసుకున్నా చాలా గొడవలు తప్పుతాయి, ఎదుటివారూ అదే పద్ధతి పాటిస్తేనే అనుకోండి. పంపే ముందు వాక్యాన్ని ఒకసారి పైకి చదువుకోవడం మంచిదే కానీ, రాసినవారికి తమ మనసులో ఉన్న అర్థమే వినిపిస్తుంది. ఆ మనిషి స్థానంలో కూర్చుని, అన్నిటికన్నా చెడ్డ అర్థంలో చదివి చూడాలి.

పంపేశాక తప్పు కనబడితే ఏం చేయాలి? వాట్సాప్‌లో 2023 నుంచి సందేశాన్ని దిద్దుకునే వీలుంది, పంపిన 15 నిమిషాల్లోపు. దిద్దినట్టు పక్కన చిన్న గుర్తు పడుతుంది కానీ, పాత వాక్యం ఎదుటివారికి కనిపించదు, కొత్తగా నోటిఫికేషన్ కూడా వెళ్ళదు. ఐఫోన్‌ల మధ్య నడిచే ఐమెసేజ్‌లోనూ 15 నిమిషాల గడువే. అక్కడ మాత్రం దిద్దిన గుర్తు నొక్కితే పాత రూపం కూడా చూడొచ్చు. కాబట్టి ఎదుటివారు ఇంకా చదవలేదనిపిస్తే, నీలి టిక్కులు పడకముందే, చప్పుడు చేయకుండా దిద్దేయడం మంచి పద్ధతి. నోటిఫికేషన్‌లో అప్పటికే చూసేసి ఉండొచ్చన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. నీలి టిక్కులు లేనంత మాత్రాన చదవలేదని కాదు.

చదివేశాక దిద్దడం తెలివైన పని కాదు. ఎదుటివారు ‘కల్లా?’ అని అడిగిన తర్వాత పైన ‘కళ్ళు’ అని మార్చేస్తే ఆ ప్రశ్న అర్థం లేకుండా వేలాడుతుంది, సాక్ష్యం మాయం చేసినట్టూ ఉంటుంది. తొలగించడం ఇంకా అన్యాయం. సందేశాన్ని తొలగించినట్టు తెలిపే ముక్క అక్కడ మిగిలిపోతుంది, అచ్చుతప్పు కన్నా ఘోరమైనదేదో అక్కడుందని ఊహించుకోవడానికి అది చాలు. చదివిన తర్వాత చేయదగినది ఒక్కటే: సరైన పదం ఒక్కటి రాసి, వీలైతే తన మీదే ఒక చిన్న ఛలోక్తి వేసుకుని, మాట ముందుకు నడపాలి. సంజాయిషీ ఒక వాక్యం దాటిందంటే నవ్వు చచ్చిపోతుంది. ఫోన్‌ను, కీబోర్డును, నిద్రమత్తును తిడుతూ మూడు సందేశాలు పంపినవారు తప్పు కన్నా సంజాయిషీతోనే ఎక్కువ విసిగిస్తారు. ఇంకోవైపు, ఆ తప్పుపదం ఇద్దరికీ నచ్చితే ఇంటిమాటలా నిలిచిపోతుంది. కళ్ళను కల్లు అనడం ఆ జంటకే తెలిసిన గుట్టవుతుంది. అలా నిలవాలంటే ఆ మాటను రెండోసారి వాడేది చదివినవారు కావాలి. రాసినవారే పదేపదే గుర్తుచేస్తే అది పాత జోకు కిందకి పోతుంది.

కావాలని తప్పు రాసి ‘అయ్యో, ఆటోకరెక్ట్’ అనడం కూడా ఒక పాత ఎత్తుగడే. నవ్వు కోసం ఒకసారి చేస్తే సరే. అవతలి మనిషితో చెప్పే చనువు లేని అసభ్యమైన మాటను అచ్చుతప్పు ముసుగులో పంపి, ఎలా తీసుకుంటారో చూద్దామనుకుంటే అది వేరే సంగతి. దాన్ని సరసం అనరు, వేధింపు అంటారు. అలాంటిది అందుకున్నవారికి నవ్వాల్సిన అవసరం ఏమాత్రం లేదు.

ఏ చమత్కారంతోనూ సర్దుకోని తప్పు ఒకటుంది, అది పేరు. కీబోర్డు ఎక్కువగా వాడిన పేర్లను గుర్తుపెట్టుకుని మొదటి అక్షరం కొట్టగానే ముందుకు తోస్తుంది. చూసుకోకుండా నొక్కితే ఒకరికి రాసిన తియ్యని మాట ఇంకొకరి పేరుతో వెళ్తుంది. ఆ పేరు మరదలిదైనా, ఆఫీసులో పైఅధికారిదైనా చదివినవారికి తేడా ఏమీ ఉండదు. అందుకని సూచనల వరుసలో కనిపించే పేరును నొక్కకుండా, పేరు ఒక్కటి ఎప్పుడూ అక్షరం అక్షరంగా చేత్తోనే కొట్టాలి.